‘ఇంకెవరితోనైనా మాట్లాడుతున్నావా?’ అని ఎప్పుడు అడగాలి, ఎలా అడగాలి

మేడమ్, నాకు 28 ఏళ్లు. మాది ఖమ్మం. మాదాపూర్‌లో ఐటీ ఉద్యోగం, కొండాపూర్‌లో లేడీస్ హాస్టల్లో ఉంటాను. ఆరు వారాల క్రితం హింజ్ అనే డేటింగ్ యాప్‌లో ఒకబ్బాయి పరిచయమయ్యాడు. వారం తిరక్కుండానే వాట్సాప్‌లోకి వచ్చేశాం. రోజూ రాత్రి పదకొండు దాటాక గంట, గంటన్నర మాట్లాడుకుంటాం. రెండుసార్లు కలిశాం. రెండోసారి దుర్గం చెరువు దగ్గర అతనికి నేనే ఫొటో తీశాను. పోయిన వారం నా రూమ్‌మేట్ ఫోన్‌లో హింజ్‌లో అతని ప్రొఫైల్ వచ్చింది. పేరు కింద ‘యాక్టివ్ టుడే’ అని ఉంది. మొదటి ఫొటో నేను తీసిందే. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. నా వైపు కూడా ముగ్గురితో చాట్ నడుస్తోంది. ఇద్దరితో ఏదో మీమ్స్ పంపుకోవడం. మూడో అతను వచ్చే శనివారం కాఫీకి కలుద్దామంటే సరేనన్నాను. ఇంట్లో అమ్మ మ్యాట్రిమొనీ ప్రొఫైల్ పెట్టి సంబంధాలు చూస్తోంది. అడిగితే వెంటపడుతున్నానని అనుకుంటాడేమో. అడక్కుండా ఉండలేకపోతున్నాను. అసలు అడిగే హక్కు నాకుందా? ఉంటే ఎలా అడగాలి?

— ఒక పాఠకురాలు, హైదరాబాద్

ముందు హక్కు సంగతి చూద్దాం. అడిగే హక్కు మీకు ఉంది. ఆరు వారాలేమిటి, రెండు వారాల పరిచయంలో కూడా ఉంటుంది. మీ రాత్రులు, మీ నిద్ర, మీ శనివారాలు ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చుకోవడానికి మీకు ఆ సమాచారం కావాలి. లేని హక్కు ఒకటుంది. అతను మాట తప్పాడని నిలదీసే హక్కు. మాట తప్పాలంటే ముందు మాట ఇచ్చి ఉండాలి కదా. మీ ఇద్దరి మధ్య ఇంతవరకు ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. ఈ తేడా గట్టిగా పట్టుకోండి. అడిగేటప్పుడు మీ గొంతు ఎలా ఉండాలో దీని మీదే ఆధారపడి ఉంటుంది. తెలుసుకోవాలని అడిగిన మనిషికి జవాబు వస్తుంది. నిలదీసిన మనిషికి సంజాయిషీ వస్తుంది.

ఇప్పుడు ఆ ఫొటో. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది అదే కాబట్టి దాని దగ్గర కాసేపు ఆగుదాం.

‘యాక్టివ్ టుడే’ అన్న మాట చెప్పేది చాలా తక్కువ. ఆ రోజు అతను యాప్ తెరిచాడు, అంతే. నోటిఫికేషన్ వస్తే తెరిచి ఉండొచ్చు, బోర్ కొట్టి తెరిచి ఉండొచ్చు, ఎవరితోనో గంటసేపు చాట్ చేసి ఉండొచ్చు. టిండర్‌లో ఆకుపచ్చ చుక్క కూడా ఇలాంటిదే, గత 24 గంటల్లో యాప్ తెరిచారని దాని అర్థం. అయితే మీ ఫ్రెండ్స్ మీకు చెప్పే ఓదార్పు ఒకటుంటుంది: “వాడు యాప్ తీసేసి ఉంటాడే, పాత ప్రొఫైల్ అలా తిరుగుతూ ఉంటుంది.” ఇందులో సగమే నిజం. ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన అకౌంట్ పోదు, ప్రొఫైల్ ఇతరులకు కనిపిస్తూ ఉండొచ్చు. కానీ తీసేసినవాడి పేరు కింద ‘యాక్టివ్ టుడే’ అని రాదు. అంచేత ఆ ఓదార్పు మీకు పనికిరాదు.

ఫొటో ఇంకాస్త ఎక్కువ చెబుతుంది. కొత్త ఫొటో పెట్టడమంటే ప్రొఫైల్‌ను కొత్తవాళ్ల కోసం సర్దుకోవడం. దుర్గం చెరువు రోజు తర్వాత కూడా అతను కొత్త పరిచయాలకు తలుపు తీసే ఉంచాడన్నది దాదాపు ఖాయం. మీరు తీసిన ఫొటోతో ఇంకో అమ్మాయిని ఆకట్టుకోవాలనుకోవడం చివుక్కుమనిపించే పనే, కాదనను. కానీ ఒక్కసారి అతని వైపు నుంచి కూడా చూడండి. మగవాళ్ల ఫోన్లలో తమ మంచి ఫొటోలు ఎన్ని ఉంటాయి? పెళ్లిలో గ్రూప్ ఫొటో, ఆఫీసు ఐడీ కార్డు మెడలో వేలాడుతున్న సెల్ఫీ, బైక్ మీద హెల్మెట్‌తో ఇంకోటి. ఎవరో శ్రద్ధగా తీసిన ఫొటో చేతికి రాగానే పెట్టేసుకుంటారు. తీసింది ఎవరన్నది ఆ క్షణాన గుర్తు రాదు. మొద్దుతనం అనండి, ఒప్పుకుంటాను. మోసమని మాత్రం ఇప్పుడే అనకండి.

ఇక మీ వైపు లెక్క. ఉత్తరంలో ఇది దాచకుండా రాసినందుకే ఇంత వివరంగా జవాబు రాయగలుగుతున్నాను. మీ దగ్గర మూడు చాట్లు నడుస్తున్నాయి, ఒకరితో శనివారం కాఫీ ఉంది. అంటే ఇవాళ అతను మీకు ఏం చేస్తున్నాడో మీరూ అతనికి అదే చేస్తున్నారు. ఇందులో తప్పేమీ లేదు, పరిచయాల తొలి వారాల్లో అందరూ ఇలాగే ఉంటారు. కాకపోతే “నువ్వు ఎవరితోనైనా మాట్లాడుతున్నావా?” అని మీరడిగిన మరుక్షణం “మరి నువ్వు?” అని అతను అడుగుతాడు. అడక్కపోతే మనసులో అనుకుంటాడు. దానికి మీ దగ్గర నిజమైన జవాబు సిద్ధంగా ఉండాలి.

చాలామంది ఇక్కడ రెండు రకాలుగా దారి తప్పుతారు. ఒకరు తన సంగతి దాచి అవతలివాళ్లను అడుగుతారు, రెండు నెలల తర్వాత అది ఏదో ఒక స్క్రీన్‌షాట్‌లో బయటపడుతుంది. ఇంకొకరు అడగడానికి ముందే అన్ని చాట్లూ మూసేసి, అకౌంట్ డిలీట్ చేసి, “నీ కోసం అన్నీ వదిలేశాను, నువ్వేమంటావ్?” అని వెళ్తారు. అతను అడగని త్యాగానికి అతని చేతిలో బిల్లు పెట్టడమే ఇది. అవునన్నా ఒత్తిడి మీద అన్న అవునే అవుతుంది. మీరు రెండూ చేయనక్కర్లేదు. అతను సరేనంటే ఆ ముగ్గురినీ వదిలేయడానికి మీకు మనస్ఫూర్తిగా ఇష్టమేనా అన్నది ముందు తేల్చుకోండి. నిజంగా తేల్చుకోండి. శనివారం ఆ మూడో అతన్ని కలవకుండా ఉండాలంటే మీకు కాస్త లోటుగా అనిపిస్తే, మీరింకా ఎక్స్‌క్లూజివ్‌కు, అంటే ఒక్కరితోనే ఉండటానికి, సిద్ధంగా లేరు. అప్పుడు మీకు కావలసింది అతను ఒక్కడే కావడం కాదు, అతనికి మీరు ఒక్కరే కావడం. అది అడగకండి, ఇచ్చేవాళ్లు ఉండరు.

అమ్మ చూస్తున్న సంబంధాల మాట కూడా ఇక్కడే చెప్పాలి. మన దగ్గర యాప్‌లో మ్యాచ్‌లు ఒక్కటే కాదు, ఇంట్లో నడిచే మ్యాచ్‌లు ఇంకో వరసలో ఉంటాయి. ఇద్దరూ ముచ్చటగా హింజ్ ఆపేసుకుంటారు. నెల తర్వాత “దసరాకి ఇంటికి వెళ్తే పెళ్లిచూపులు పెట్టేశారు, నాకేం తెలీదు” అన్న మెసేజ్ వస్తుంది. అది మీకైనా రావచ్చు, మీరైనా పంపాల్సి రావచ్చు. కాబట్టి ఇంట్లో ప్రొఫైల్ నడుస్తున్న విషయం మీరే ముందు చెప్పండి, అతని ఇంట్లో సంగతి అడగండి. కానీ ఒకే ఊపిరిలో రెండూ అడగొద్దు. “ఇంకెవరితోనైనా మాట్లాడుతున్నావా?” అన్న ప్రశ్నకు పక్కనే పెళ్లి మాట కూర్చుంటే అతనికి రెండో ప్రశ్నే వినిపిస్తుంది. మొదటి విషయం తేలి, ఇద్దరూ ఊపిరి తీసుకున్నాక ఇంటి సంగతి ఎత్తండి.

సరే, ఎప్పుడు, ఎక్కడ?

రాత్రి పదకొండు తర్వాత వద్దు. ఆ వేళ మీ ఇద్దరికీ అలవాటైన తీయటి వేళ. మాటలు వాటంతటవే మెత్తబడతాయి, పొద్దున నిలబడని మాటలు కూడా వచ్చేస్తాయి. వాట్సాప్‌లో మెసేజ్‌గా అసలు వద్దు. పంపాక ఏం జరుగుతుందో మీకు తెలుసు. బ్లూ టిక్ పడుతుంది. పైన ‘టైపింగ్’ అని వస్తుంది, ఆగిపోతుంది, మళ్లీ వస్తుంది. ఆ నాలుగు నిమిషాల్లో మీరు నాలుగు సినిమాలు చూసేస్తారు. అటువైపు అతను మీ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి ఫ్రెండ్స్ గ్రూప్‌లో “మామా, ఏం చెప్పమంటావ్?” అని అడుగుతూ ఉంటాడు. మీకు చివరికి వచ్చేది ముగ్గురు నలుగురు కూర్చుని రాసిన జవాబు. మనిషి ముఖం చూసి అడిగితే మొదటి రెండు మూడు సెకన్లలో కనిపించేది మెసేజ్‌లో ఎప్పటికీ కనిపించదు.

మూడోసారి కలిసినప్పుడు అడగండి. ఎదురెదురుగా కూర్చునే కేఫ్ కన్నా పక్కపక్కన నడిచే చోటు మేలు. ఎదురుగా కూర్చుంటే ఇంటర్వ్యూలా అయిపోతుంది, పక్క టేబుల్ వాళ్లకు కూడా వినిపిస్తుంది. మీకు దగ్గర్లోనే కొత్తగూడ బొటానికల్ గార్డెన్ ఉంది. లేదా మళ్లీ దుర్గం చెరువు పక్క నడక దారి. జనం తిరిగే చోటు, వెలుతురు ఉన్న వేళ. కలిసిన వెంటనే అడగొద్దు, విడిపోయే ముందూ అడగొద్దు. చివర్లో అడిగితే క్యాబ్ వచ్చేసిందనో, మీ హాస్టల్ గేటు వేసేస్తారనో మాట మధ్యలో తెగిపోతుంది, ఆ రాత్రంతా మీకు జాగారమే. సగం దూరం నడిచాక, మాటలు మామూలుగా సాగుతున్నప్పుడు అడగండి. అతను ఆఫీసులో అప్రైజల్ టెన్షన్‌లో ఉన్న వారమో, ఇంట్లో ఎవరికో బాగోలేని వారమో అయితే ఇంకో వారం ఆగినా మునిగిపోయేదేమీ లేదు.

మాటలు నా మాటల్లా ఉండకూడదు, మీ మాటల్లా ఉండాలి. అయినా ఒక వరస చెబుతాను, మీ నోటికి తగ్గట్టు మార్చుకోండి.

“నీతో ఒక విషయం మాట్లాడాలనుకుంటున్నా, పెద్ద విషయమేం కాదు. ఈ ఆరు వారాలు నీతో మాట్లాడటం నాకు చాలా బాగుంది. నిజం చెప్పాలంటే నా వైపు ఇంకో ముగ్గురితో చాట్ ఉంది, కానీ అటు మనసు పోవట్లేదు. నీ వైపు ఎలా ఉంది? ఇంకెవరితోనైనా మాట్లాడుతున్నావా? ఇప్పుడే ఏదో తేల్చేయమని కాదు, తెలుసుకోవాలనిపించింది.”

ఇందులో మీ ఇష్టం ముందు వచ్చింది, మీ వాస్తవం తర్వాత వచ్చింది, ప్రశ్న చివర వచ్చింది. ఈ వరస మార్చొద్దు. ప్రశ్న ముందు పెడితే మిగతాదంతా సంజాయిషీలా వినిపిస్తుంది.

అడిగాక చేయాల్సిన కష్టమైన పని నోరు మూసుకుని ఉండటం. మొరటుగా అంటున్నాననుకోకండి, ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. అడుగుతారు, అతను ఒక్క క్షణం ఆలోచిస్తాడు, ఆ మౌనం భరించలేక “ఊరికే అడిగాలే, లైట్ తీస్కో” అని నవ్వేస్తారు. అతనికి మీరే తలుపు తెరిచి బయటికి పంపినట్టు. ఇక మళ్లీ అడగడానికి నెల పడుతుంది. పది అడుగులు మాట లేకుండా నడవండి. అతను మాట్లాడతాడు.

“మనమేంటి?” అని అడగొద్దు. ఏ జవాబు చెప్పాలో అతనికీ తెలీదు. “మా ఫ్రెండ్స్ అడుగుతున్నారు” అని వాళ్ల భుజం మీద తుపాకీ పెట్టొద్దు. “నాలాంటి వాళ్లు ఇంకెంతమంది ఉన్నారు?” అని జోక్‌లా విసరొద్దు, జోక్‌కు జోకే జవాబుగా వస్తుంది.

మరి రూమ్‌మేట్ చూసిన సంగతి? చెప్పాలా, దాచాలా? దీని మీద నాతో ఏకీభవించనివాళ్లు ఉంటారు. చెప్పకుండా అడిగి, అతను నిజం చెబుతాడో లేదో చూడమని మీ ఫ్రెండ్స్ అంటారు. తెలిసిన జవాబు జేబులో పెట్టుకుని అడిగితే అది పరీక్ష అవుతుంది. అందులో అతను ఫెయిలైతే మీకు దుఃఖం, పాసైనా మీకు అనుమానం పోదు. పైగా పరీక్ష పెట్టారని ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుంది, మీ రూమ్‌మేట్ పెళ్లిలోనైనా తెలుస్తుంది. నా ఓటు చెప్పేయడానికే. అడిగే ముందే, క్లుప్తంగా, గొంతు పెంచకుండా: “పోయిన వారం మా రూమ్‌మేట్‌కి హింజ్‌లో నీ ప్రొఫైల్ వచ్చింది. తను వెతకలేదు, దానంతటదే వచ్చింది. నేను తీసిన ఫొటో చూసి నాకు ఒకలా అనిపించింది. అది దాచుకుని నిన్ను అడగడం బాగోదని చెబుతున్నా.” దీనివల్ల ఒక నష్టం ఉంది. అతను కాస్త బిగుసుకుంటాడు, మొదటి రెండు నిమిషాలు ఫొటో గురించి సర్దిచెప్పుకోవడానికే పోతాయి. పోనివ్వండి. ఆ సర్దుబాటు అయ్యాక “సరే, ఫొటో సంగతి వదిలెయ్. అసలు నీ వైపు ఎలా ఉంది?” అని మళ్లీ అక్కడికే రండి.

ఇప్పుడు అతను ఏమంటాడో చూద్దాం.

“నాకూ అలాగే ఉంది, నేనే అడుగుదామనుకున్నా” అన్నాడనుకోండి. ఆ సంతోషంలో చాలామంది వదిలేసే పని ఒకటుంది. సరే అంటే ఏమిటో మాట్లాడుకోరు. యాప్ ఆపడమంటే ఒకరికి ఫోన్‌లోంచి తీసేయడం, ఇంకొకరికి అకౌంట్ డిలీట్ చేయడం, మరొకరికి కొత్తవాళ్లను చూడకుండా పాతవాళ్లతో మాట్లాడుతూ ఉండటం. హింజ్‌లో ‘పాజ్’ ఉంది, బంబుల్‌లో ‘స్నూజ్’ ఉంది. పాజ్ పెడితే మీరు కొత్తవాళ్లకు కనిపించరు, కానీ ఉన్న మ్యాచ్‌లతో చాట్ అలాగే నడుస్తుంది. అందుకని “ఇద్దరం పాజ్ పెట్టుకుందాం” అన్న మాటలో మీ మూడు చాట్లు, అతని చాట్లు తేలవు. వాటి సంగతి విడిగా ఒక్క మాట అనుకోండి. నన్నడిగితే ఈ దశలో పాజ్ చాలు, ఉన్న చాట్లకు మర్యాదగా సెలవు చెప్పడం చాలు. “నా ముందే డిలీట్ చెయ్” అని మాత్రం అనకండి. మీ ముందు డిలీట్ చేసినవాడు హాస్టల్ గేటు దాటకముందే కొత్త అకౌంట్ తెరవగలడు. చేయాలనుకున్నవాడిని అది ఆపదు, చేయనివాడిని అవమానిస్తుంది. డబ్బు కట్టి ప్లాన్ తీసుకున్నవాళ్లకు ఒక చిన్న మాట: యాప్ తీసేసినా నెల నెలా డబ్బు కట్ అవుతూనే ఉంటుంది, ప్లే స్టోర్‌లోనో యాప్ స్టోర్‌లోనో సబ్‌స్క్రిప్షన్ విడిగా ఆపాలి.

ఆ తర్వాత ఇంటి సంగతి. “మా అమ్మ మ్యాట్రిమొనీలో పెట్టింది, నేను ఇంకా వద్దనలేదు. ఏదైనా సంబంధం చూడటానికి వచ్చే మాటుంటే నీకు ముందే చెబుతాను. మీ ఇంట్లో ఎలా ఉంది?” ఇంతే. సంబంధాలు ఆపమని అమ్మతో చెప్పడానికి ఆరు వారాల పరిచయం సరిపోదు. కానీ ముందే చెప్పుకునే ఒప్పందానికి సరిపోతుంది.

రెండో జవాబు: “నిజం చెప్పాలంటే ఇంకొకరితో కూడా మాట్లాడుతున్నా, నాకింకా కొంచెం టైమ్ కావాలి.” వినడానికి బాధగా ఉంటుంది, కానీ చెడ్డ జవాబేం కాదు. మీరు నిజం అడిగారు, అతను నిజం చెప్పాడు. అక్కడికక్కడే గడువు పెట్టకండి. మీ మనసులో మాత్రం పెట్టుకోండి, మూడు వారాలనుకుందాం. ఈలోగా ఒక మార్పు తప్పకుండా చేయండి. రాత్రి గంటన్నర ఫోన్ కాల్స్ తగ్గించండి. అలిగి కాదు, చెప్పి: “నాకు పొద్దున ఆఫీసులో స్టాండప్ మీటింగ్ ఉంటుంది, ఇకపై అరగంటతో ఆపేద్దాం.” ఎందుకంటే అతను ఇంకా ఎంచుకోలేదు కానీ రోజూ రాత్రి ఎంచుకున్నవాడికి దక్కేదంతా దక్కుతోంది. అలా ఉన్నంతకాలం నిర్ణయించుకోవాల్సిన అవసరం అతనికి రాదు. మీరు మీ శనివారం కాఫీకి నిశ్చింతగా వెళ్లండి. మూడు వారాల తర్వాత అతనే ఈ విషయం ఎత్తితే మంచిది. ఎత్తకపోతే ఇంకొక్కసారి మీరే అడగండి. మూడోసారి వద్దు.

మూడో జవాబు ఎక్కువగా వచ్చేది, ఎక్కువగా తికమక పెట్టేది. “ఇప్పుడే ఈ లేబుల్స్ ఎందుకు? బాగానే ఉన్నాం కదా, అలా వెళ్లనీ.” ఇది రెండో జవాబులాగే వినిపిస్తుంది. తేడా పట్టడానికి ఒక ఉపాయం ఉంది. ఇంటికి వెళ్లాక ‘నాకు కొత్తగా ఏం తెలిసింది?’ అని మిమ్మల్ని మీరే అడగండి. రెండో జవాబులో మీకు విషయం తెలుస్తుంది: ఇంకొకరు ఉన్నారు, టైమ్ కావాలంటున్నాడు. మూడో జవాబులో మీకు ఏమీ తెలియదు, కాసేపు హాయిగా మాత్రం అనిపిస్తుంది. ఒక్కసారి మెల్లగా తిరిగి అడగండి: “లేబుల్ వద్దులే. ఇంకెవరితోనైనా మాట్లాడుతున్నావా లేదా, అది చెబితే చాలు.” దానికి కూడా నవ్వేసి తప్పించుకుంటే ప్రస్తుతానికి కాదన్నట్టే లెక్క వేసుకోండి. అతను చెడ్డవాడని అనుకోనక్కర్లేదు. మీకు కావలసింది అతని దగ్గర ఇప్పుడు లేదు, అంతే.

నాలుగోది, అతను చికాకు పడటం. “నా మీద నిఘా పెట్టావా? ఇంకా ఏమీ కాకముందే ఇన్ని ప్రశ్నలా?” అనొచ్చు. రూమ్‌మేట్ మాట విన్న కంగారులో ఒక్కసారి అలా అని, పది నిమిషాల్లోనో మర్నాడో “సారీ, కంగారులో అన్నా” అని వచ్చాడంటే వదిలేయండి. రాకపోతే, పైగా మీరే తప్పు చేసినట్టు మీచేత సారీ చెప్పించుకుంటే, చిన్న ప్రశ్నకే ఇలా ఉన్న మనిషి పెద్ద విషయాల్లో ఎలా ఉంటాడో మీకు ఆరు వారాల్లోనే తెలిసినట్టు. ఇక ఆ రోజు నవ్వుతూనే మాట్లాడి, మర్నాటి నుంచి మెల్లగా మాయమయ్యేవాళ్లు ఉంటారు. “బిజీగా ఉన్నా”, “కాల్ చేస్తా”, తర్వాత ఏమీ ఉండదు. అడిగినందుకే పోయాడని ఫ్రెండ్స్ అంటారు. అడక్కపోతే ఇంకో రెండు నెలలు ఉండేవాడు, అంతకుమించి మిగిలేది లేదు.

అసలు అడక్కుండా ఉండే దారి కూడా ఉంది, దాన్ని తీసిపారేయను. ఇంకో నెల చూద్దాం, అతనే చెబుతాడేమో అనుకోవచ్చు. కొందరికి అది నప్పుతుంది, ముఖ్యంగా తమ వైపు కూడా నాలుగైదు పరిచయాలు ఉత్సాహంగా నడుస్తున్నవాళ్లకు. మీకు నప్పదని మీ ఉత్తరమే చెబుతోంది. ఆ ఫొటో చూసిన రోజు నుంచి మీరు మామూలుగా లేరు. అడగకపోతే ఏం చేస్తారో నేను చెప్పగలను. రోజూ రూమ్‌మేట్‌ను “ఓసారి చూడవే” అని అడుగుతారు. వాట్సాప్‌లో అతని లాస్ట్ సీన్ చూస్తారు. మాటల్లో ఎక్కడో విసురు వస్తుంది, అతనికి కారణం తెలియదు. చివరికి ఏదో చిన్న విషయం మీద, క్యాబ్ లేటయినందుకో మెసేజ్‌కు జవాబు ఆలస్యమైనందుకో, మొత్తం బయటపడుతుంది. అప్పుడు మెల్లగా అడిగే అవకాశం ఉండదు. రూమ్‌మేట్ ఫోన్‌ను మాత్రం ఇవాళ్టి నుంచే వదిలేయండి. ఆమె యాప్ ఆమె పరిచయాల కోసం, మీ కాపలా కోసం కాదు.

ఒక విషయం మీరు రాయలేదు, నేనే అడుగుతున్నాను. అతను వీడియో కాల్‌లో మాట్లాడతాడా? శని ఆదివారాలు ఫోన్ ఎత్తుతాడా? పనిచేసే చోటు, ఉండే చోటు మీకు తెలుసా? ఇవన్నీ ఉంటే నా మాట పక్కన పెట్టండి. రోజూ రాత్రి పదకొండు దాటాకే మాట్లాడే మనిషి, పగలు, సెలవు రోజుల్లో దొరకని మనిషి అయితే మాత్రం హింజ్ గురించి అడిగే ముందు “నీకు ఇంట్లో ఎవరైనా ఉన్నారా, నిశ్చయం ఏమైనా అయిందా?” అని సూటిగా అడగండి. దానికి మెత్తని మాటలు అక్కర్లేదు.

ఇక శనివారం. ఈ అబ్బాయిని అంతకుముందే కలిసి మాట్లాడటం కుదిరి, అతను సరేనంటే, కాఫీకి పిలిచిన మనిషికి శుక్రవారం సాయంత్రంలోపే చెప్పేయండి. శనివారం మధ్యాహ్నం “తలనొప్పిగా ఉంది” అని పంపి తప్పించుకోకండి, వచ్చే వారం మళ్లీ పిలుస్తాడు. “నాకు పరిచయమైన ఒకరితో విషయం కాస్త ముందుకెళ్లింది, అందుకే కలవడం సరికాదనిపించింది. మీతో మాట్లాడటం బాగుంది” అని రెండు వాక్యాలు చాలు. మాట్లాడటం అప్పటికి కుదరకపోతే, లేదా జవాబు తేలకపోతే, ఆ కాఫీకి వెళ్లండి. వెళ్లి, అతను చెప్పేది కూడా వినండి, ఫోన్ బ్యాగ్‌లో పెట్టుకుని.